యాభై ఆరు అంగుళాలు

యాభై ఆరు అంగుళాలని చెప్పింది నేనే. చెప్పడమే కాదు, పెన్సిలుతో గోడమీద లెక్క వేసి కింద రెండు గీతలు కూడా గీశాను. బి.ఏ. చదివినవాడు గీతలు గీస్తే కాదనేవాళ్ళు కర్నూల్లో అప్పట్లో తక్కువ.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో సగం ఆఫీసులు డేరాల్లో నడిచేవి. ఒక డేరాలో నేను గుమాస్తాను. మెయిన్ రోడ్డులో ఒక మిద్దె మీది గదిలో అద్దెకుండేవాణ్ణి. నా కింద గదిలో సెలూను పెట్టినాయన అంతకు ముందు ఇరవై ఏళ్ళు ఆరుబయట ముక్కాలిపీట వేసుకుని పని చేసినవాడు. మద్రాసు నుంచి దిగిన ఆఫీసర్లు పీట మీద కూర్చోరని ఆయనకు ఎవరో చెప్పారు. అందుకని తిరిగే కుర్చీ, ఎదురూ బొదురూ రెండు నిలువుటద్దాలు, లోపలివైపు కాచుకునేవాళ్ళకు ఒక బెంచీ ఏర్పాటు చేశాడు. మిగిలింది పంకా.

మా ఇద్దరి గదులకూ యజమాని నందికొట్కూరు వైపు ఆసామి. టౌన్లో ఆయనకు ఇంకో పెద్ద ఇల్లు ఉండేది. సెలూనుకు ఒక నెల గడువిచ్చాడు.

"మెయిన్ రోడ్డు మీద గది అప్పా ఇది. జవుళీ అంగడాయన అడుగుతానే ఉండాడు. నెల చూస్తా. నేనే వచ్చి గడ్డం చేయించుకుంటా. సెలూను సెలూను మాదిరి ఉంటే ఉంటావు. లేదంటే తాళం నా చేతికిచ్చి నీ పీట కాడికి పో."

ఆసామి నవ్వులాట మనిషి కాదు. ఆయన ఊళ్ళో రెండు వర్గాలుండేవి. అందులో ఒకదానికి ఆయన పెద్ద. ఇంతకంటే చెప్పనక్కర లేదు.

పంకాల అంగడికి ముగ్గురం పోయాం: సెలూనాయన, నేను, బిగించడానికి ఒప్పుకున్న వైర్‌మన్ సాయిబు. అక్కడ రెండు రకాలు చూపించారు. ఒకటి నలభై ఎనిమిది అంగుళాలది, రెక్కలకు మెరుపు లేని మీగడరంగు. రెండోది యాభై ఆరు. దాని రెక్కలు పాలిష్ పట్టిన అల్యూమినియంవి, పళ్ళెంలాగా మెరుస్తున్నాయి. అందులో నా ముఖం కనిపించింది. అది కూడా నా నిర్ణయానికి దోహదం చేసి ఉంటుంది.

సాయిబు మాత్రం తల గోక్కున్నాడు.

"గది తొమ్మిదడుగుల వెడల్పు సారూ. ఈ రెక్క తిరిగితే గాలి గోడకు కొట్టుకోని మళ్ళా లోపలికే వస్తాది. కింద జుట్టు ఉండాది గదా, అదేం చేస్తాది?"

"ఊడ్చేస్తారు," అన్నాను.

"ఊడ్చేలోపల?"

నేను చదివిన చదువులో ఊడ్చేలోపల అనే అధ్యాయం లేదు. గది పద్నాలుగడుగుల పొడవు ఉంది కాబట్టి పెద్దదే సరిపోతుందని తేల్చేశాను. అక్కడితో ఆగకుండా, గాలి కోసం వచ్చేవాడు కుర్చీలో కూర్చునేవాడే గనుక సరిగ్గా కుర్చీ నెత్తిమీదే తగిలించమన్నాను. దూలం తొమ్మిదిన్నర అడుగుల ఎత్తులో ఉంది. సెలూనాయనకు గుడ్డ పైకెత్తి దులిపే అలవాటుంది కనక పొట్టి కడ్డీ వేయించాను. రెక్కలు దూలానికి అర అడుగు కింద తిరిగాయి. దీపం ఆ దూలానికే, రెక్కలకంటే ఎత్తులో వేలాడుతూ, వెలుతురు చాలని ఆ గదిలో పగలు కూడా వెలుగుతుండేది. అది ఎప్పటినుంచో అక్కడే ఉంది, దాన్ని గురించి నేనేమీ ఆలోచించలేదు.

మొదటి వారంలో కొన్ని చిన్న విషయాలు తెలిశాయి. ముఖానికి పూసిన సబ్బునురగ కత్తి వచ్చేలోపల ఎండిపోతుంది. కత్తిరించిన జుట్టు నేలమీద చుట్టూ తిరిగి, బెంచీమీదివాళ్ళ టీలో దిగుతుంది. మెడకు కట్టిన గుడ్డ లేచి ముక్కుకు తగులుతుంది. సెలూనాయన మంచివాడు. రెగ్యులేటరును రెండో నంబరు దాటనీయకుండా, నురగ రెండుసార్లు పూస్తూ నెట్టుకొచ్చాడు.

గడువు ఇంకా వారం ఉందనగా ఒక బుధవారం పొద్దున ఆసామి వచ్చేశాడు. నేను ఆఫీసుకు బయల్దేరుతూ గుమ్మంలో ఉన్నాను. ఆయన వెంట వచ్చిన మనిషి బయట నిలబడ్డాడు. ఆసామి పైకి చూశాడు, అద్దాల్లో చూశాడు, తల ఊపాడు.

"శానా జోరుగా ఉండాదే."

సెలూనాయన ముఖం వెలిగింది. నేను ఆఫీసు మానుకుని బెంచీమీద కూర్చున్నాను.

నురగ పూయడం అయ్యింది. కత్తి తోలుకు రాసుకోవడం అయ్యింది. కుడివైపు చెంప అయ్యింది. అప్పుడు ఆసామి, "ఏమప్పా, పంకా పెట్టింది చూసేదానికా? తిప్పు గట్టిగా," అన్నాడు.

సెలూనాయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆయన రెగ్యులేటరును చివరిదాకా తిప్పాడు.

రెక్కల నీడ గదంతా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి. ఆసామి తల వెనక్కి వాల్చి ఉంది. మామూలు మనుషులు గడ్డం గీయించుకునేటప్పుడు కళ్ళు మూసుకుంటారు. ఆయన మూసుకోడు. ఆయన కళ్ళు ఎదుటి అద్దంలో ఉన్నాయి. ఆ అద్దంలో వెనకటి అద్దం, వెనకటి అద్దంలో మళ్ళీ ముందరిది, అన్నిటిలోనూ ఆయన తలకు వెనకగా తళుక్కు తళుక్కుమంటూ పాలిష్ రెక్కలు.

కత్తి గొంతు దగ్గరికి వచ్చింది.

ఆసామి చెయ్యి గుడ్డ కిందనుంచి లేచి సెలూనాయన మణికట్టు పట్టుకుంది. నేను అంత వేగం ఆ వయసు మనిషిలో చూడలేదు. గదిలో ఎవరమూ కదల్లేదు. పంకా మాత్రం తిరుగుతోంది. దవడ కింద ఆవగింజంత ఎర్రటి చుక్క లేచింది. బయట నిలబడ్డ మనిషి గడపలో ఒక కాలు పెట్టాడు.

ఆసామి కాసేపటికి చెయ్యి వదిలాడు. తువ్వాలు తీసుకుని నురగ తుడుచుకున్నాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నాలుగు రోజుల గడ్డంతో లేచి నిలబడ్డాడు.

"రేపు పొద్దున్నే వస్తా. మిగిలిన సగం అప్పుడు చేద్దువు. తాళం చెవి సిద్ధంగా పెట్టుకోనుండు."

తువ్వాలు ముఖానికి చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడకుండా ఉంటే మాకు కొంత ధైర్యంగా ఉండేది.

సెలూనాయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కుర్చీ దులిపి, "కూచోండి సారూ," అన్నాడు.

కూర్చున్నాను. తల వెనక్కి వాల్చాడు. పంకా వేగంగా తిప్పి, కత్తి తెరిచి వెన్నువైపు నా గొంతుమీద ఆనించాడు.

"ఇప్పుడు అద్దంలో చూడండి."

చూశాను. తల వెనక ఎవరో కత్తులు ఝళిపిస్తున్నట్టే ఉంది. నాకు ఏ ఊళ్ళోనూ వర్గాలు లేవు. అయినా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

సాయిబును పిలుచుకొచ్చాం. అతను ఏమైందని అడగలేదు. నేను ఆఫీసుకు పోకపోవడం చూసి గ్రహించి ఉంటాడు. బీడీ వెలిగించి పంకా కింద నిలబడి పొగ వదిలాడు. పొగ నేరుగా కిందికి దిగి, నేలకు తగిలి, గోడలవెంట పైకి లేచి, మళ్ళీ కుర్చీమీదికే వచ్చింది.

"పంకా మిద్దెకు అతుక్కోని ఉండాది. పైనుంచి లాక్కునేదానికి గాలి యాడుండాది దానికి? ఉన్న గాలినే గిరికీలు కొట్టిస్తాండాది," అన్నాడు. తర్వాత దీపం వైపు చెయ్యి చూపాడు. "దీపం పైన, రెక్క కింద. నీడ గాక ఏం పడతాది సారూ?"

ఇది నేను కాలేజీలో చదివాను. మార్కులు కూడా వచ్చాయి.

అంగడాయన పెద్దది వెనక్కి తీసుకుని మీగడరంగుది ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. సాయిబు దాన్ని కుర్చీమీద కాక, బెంచీవైపు పక్క దూలానికి, నాలుగడుగులు లోపలగా తగిలించాడు. ఈసారి కడ్డీ పొడుగుది. రెక్కలు దూలానికి అడుగున్నర కింద, నేలకు ఎనిమిదడుగుల ఎత్తులో తిరుగుతాయి. గుడ్డ దులపడం ఇక గుమ్మం బయటే అని సెలూనాయన ఒప్పుకున్నాడు. దీపాన్ని దూలం మీదినుంచి దింపి, రెక్కలకంటే కిందుగా ముందరి అద్దం పైగోడకు మార్చాడు. వెనకటి అద్దాన్ని కాస్త కిందికి వంచాడు. మళ్ళీ బీడీ వెలిగించాడు. ఈసారి పొగ విచ్చుకుని, పక్కగా సాగి, కుర్చీమీదుగా నెమ్మదిగా వాకిలి వైపు పోయింది. నేలమీద చింపి వేసిన కాగితం ముక్కలు వేగం చివరి నంబరులో కూడా ఒకటీ అరా తప్ప లేవలేదు.

పని బాగానే అయింది. అసలు చిక్కు ఇంకోటుంది. ఆసామికి నచ్చిన పెద్ద పంకా పోయి చిన్నది వచ్చింది. ఎందుకు మార్చావని అడిగితే ఏం చెప్పాలి? అయ్యా, నిన్న తమరు జడిసినారు గనక అని చెప్పేవాడు కర్నూల్లోనే కాదు, కడప దాకా వెదికినా దొరకడు. నేను గాలి ప్రసరణ గురించి ఒక ఉపన్యాసం తయారు చేసుకున్నాను. రెండుసార్లు వల్లె వేశాను కూడా.

మర్నాడు ఆసామి వచ్చాడు. తువ్వాలు ముఖానికి అలాగే చుట్టి ఉంది. గుమ్మంలోనే ఆగి పైకి చూశాడు.

"చిన్నదైపోయిందే."

ఉపన్యాసం మొదలుపెట్టే బదులు నేను పోయి బెంచీమీద కూర్చున్నాను. బల్లమీద తాళం చెవి ఉంది. ఆసామి కళ్ళు దానిమీద పడ్డాయి.

సెలూనాయన చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, పెద్దదానికి నాకు భయమాయె. నెత్తిమీద అంతది తిరుగుతాంటే చెయ్యి వణుకుతాండె. నిన్న తెగింది అందుకే. నా పిరికితనం. గదికి చిన్నతనం రాకూడదని మీగడరంగుది తెచ్చినా."

ఇరవై ఏళ్ళలో వేలాది గొంతుల మీద కత్తి పెట్టినా వణకని చెయ్యి అది. ఆసామికి కూడా ఆ సంగతి తెలుసు. ఆయన సెలూనాయన ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను బెంచీ కాళ్ళు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి.

"భయముంటే ముందే చెప్పాల," అన్నాడు ఆసామి చివరికి. "మనసులో పెట్టుకుంటే పనికి చేటు."

"తప్పే అయ్యా."

ఆయన తువ్వాలు విప్పి కుర్చీలో కూర్చున్నాడు. "తిప్పు. గట్టిగానే."

పంకా తిరిగింది. నీడ లేదు. నురగ ఎండలేదు. ఎడమ చెంప, దవడ, గొంతు. గొంతు దగ్గర సెలూనాయన ఒక్క క్షణం ఆగాడు. ఆసామి తల ఇంకొంచెం వెనక్కి వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడో లేదో నేను కూర్చున్న చోటికి కనిపించలేదు.

లేచాక రెండు చెంపలూ తడిమి చూసుకున్నాడు. బల్లమీది తాళం చెవిని వేలితో సెలూనాయన వైపు నెట్టాడు.

"జవుళీ అంగడాయనకు వేరే గది చూస్తాలే," అన్నాడు. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగాడు. "ఆ పెద్దది యాడుండాది?"

"అంగట్లోనే అయ్యా."

"మా హాలు ఇరవై అడుగులు. ఆడ పెట్టమని సాయిబుకు చెప్పు. నాకేం భయం లేదు గదా."

తర్వాతి ఆదివారం సాయిబు పోయి బిగించి వచ్చాడు. ఎట్లా ఉందని అడిగాను. ఆ గదికి అది సరిగ్గా అమరిందని చెప్పాడు. బిగించే ముందు మాత్రం రెక్కలన్నిటికీ మెరుపు పోయేలాగా రంగు కొట్టించారట. మెరుపు ఇంట్లో ఆడవాళ్ళ కళ్ళకు పడదని ఆసామి చెప్పాడట.