కృష్ణుని చెయ్యి ఉట్టి మీదికి పోకముందే

మొన్న ఆదివారం చిక్కడపల్లిల మా బిడ్డ శ్రావ్య డాన్స్ ప్రోగ్రాం అయింది. దానికి అదే ఫస్ట్ సోలో. పాట రాసింది నేనే. మైకుల నా పేరు గూడ చెప్పిన్రు. గంత మంచిగ మొదలైన సాయంత్రం నా ఇజ్జత్ నేనే ఎట్ల తీసుకున్ననో వినుర్రి.

ముందుగాల నేను రాసిన పాట వేరే. "నవనీతచోర నళిననయన నందకుమార నిఖిలలోకాధార", ఇదంత ఒక్కటే లైన్. శ్రావ్య వాళ్ల డాన్స్ మేడం అశోక్‌నగర్ల ఉంటది, ఆమెకు గర్వంగ ఇచ్చిన. ఆమె చదివి, "అన్నా, జర మీరే చేసి చూపియ్యుర్రి" అన్నది. లేచి నిలబడ్డ. ఆమె పాడుతున్నది. నా చెయ్యి ఇంక వెన్నకుండలనే ఉన్నది, పాటేమో కండ్లు దాటి లోకాల దాక పోయింది. శ్రావ్య చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది.

"లైనుకు ఒక్క పని పెట్టుర్రి అన్నా" అన్నది మేడం. "ఎనిమిది దెబ్బల తాళం. ఐదు దెబ్బలల్ల మాట అయిపోవాలె, మిగిలిన మూడు కాళ్లకు ఇడిచిపెట్టాలె. అదే లైన్ మూడుసార్లు పాడుతరు. శ్రావ్య ఒకసారి తొంగి చూస్తది, ఒకసారి తల్లి వస్తదేమోనని దాక్కుంటది, ఒకసారి ఎగిరి అందుకుంటది."

నారాయణగూడల ఆఫీసు. లంచ్ టైంల టేబుల్ మీద తాళం కొట్టుకుంట వారం రోజులు కూసున్న. ఆఖరికి వచ్చింది:

మెల్లగ వచ్చె...
ఉట్టిని చూసె...
చెయ్యి పెట్టె...

"ఉట్టిని చూసె" తర్వాత పెద్ద జతి కోసం, అంటే మాట లేకుండ మృదంగానికి కాళ్లు ఆడేటందుకు, రెండు తాళాలు మొత్తం ఖాళీ ఇడిసిన. మేడం చదివి, "ఇగ ఇది ఆడేటందుకు పాట" అన్నది. ఆ మాటకు నాకు రెండు రోజులు నిద్ర పట్టలే, సంతోషంతోని.

ప్రోగ్రాం రోజు ఆఫీసోళ్లందరిని పిలుసుకొని ముందు వరుసల కూసున్న. శ్రావ్య ఎంత మంచిగ చేస్తున్నదో, పక్కన కూసున్నోళ్లను మోచేత్తోని పొడిసి పొడిసి చూపెట్టిన. పాట పాడేటాయన "ఉట్టిని చూసె" అన్నడు. ఆగిండు. మృదంగం మోగుతున్నది, శ్రావ్య కాళ్లు ఆడుతున్నయి, మాట మాత్రం వస్తలేదు. ఆయన మర్చిపోయిండు, బిడ్డ ఆగమైతున్నది అనుకున్న. పరేషాన్ల లేచి నిలబడి, హాలంత వినపడేటట్టు, "చెయ్యి పెట్టు బిడ్డా!" అని ఒర్లిన.

శ్రావ్య అడుగు తప్పలే. నా దిక్కు తిరిగి, కృష్ణుని లెక్కనే కండ్లు పెద్దగ చేసి, మూతి మీద వేలు పెట్టింది. తల్లి వింటది, సప్పుడు చెయ్యకు అన్నట్టు. హాలంత చప్పట్లు. ఇదంత పాటలనే ఉన్నదనుకున్నరు.

లోపటికి పోతే గజ్జెలు ఇప్పుకుంట అన్నది, "డాడీ, ఆ ఖాళీ నువ్వు ఇడిసిందే కద."

ఇగ ఆఫీసుల నన్ను నందుడు అంటున్నరు. అననీయిర్రి. పాట నాది, బిడ్డ నాది. కాకపోతే సొంత కొడుకును వెన్న దొంగతనానికి ఎగేసిన నందుడు ఇప్పటిదాక నేనొక్కడినే.