మౌంటు కింద రెండుంబావు అంగుళాలు

మా నాయన పోయాక బొంబాయి కామాటిపురలోని ఫోటో ఫ్రేముల కొట్టు నేనే నడుపుతున్నాను. పని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఫోటోకూ అద్దానికీ మధ్య అంచులా వచ్చే అట్టను మేము మౌంటు అంటాం. దాని మధ్యలో కిటికీ కోస్తాం, ఫోటో అందులోంచి కనబడుతుంది. కిటికీ ఫోటోకంటే ప్రతి వైపూ పావు అంగుళం చిన్నగా ఉండాలి, లేకపోతే ఫోటో జారి బయటికొస్తుంది. ఇది నాకు పన్నెండేళ్ళప్పుడే వచ్చు.

పోయిన వానాకాలంలో ఒంటిగదుల వరసలుండే మా చాల్‌లో మా గది గోడంతా చెమ్మెక్కింది. సున్నం వేయించాలని గోడమీది ఫోటో దింపుతుంటే చెయ్యి జారి అద్దం పగిలింది. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత ఫోటో అది. అమ్మ కుర్చీలో కూచుని ఉంటుంది, ఒళ్ళో ఏడాది నిండని నేను, పక్కన నిలబడి నాయన. ఆ ఫోటోలో అమ్మ కెమెరా వైపు చూడదు. కొంచెం ఎడమకు తిరిగి ఉంటుంది. సిగ్గేమో అనుకునేదాన్ని.

"మెల్లగ వట్టు, బిడ్డా. అది మీ నాయన చేతిది" అంది అమ్మ.

మర్నాడు పొద్దున కొట్టుకు తీసుకెళ్ళి, అద్దం కొలవడానికి టేపు పెట్టాను. పన్నెండు పదహారు అంగుళాలు. మామూలు సైజే. తర్వాత అలవాటు కొద్దీ మౌంటు కిటికీ కూడా కొలిచాను. అడ్డం తొమ్మిదిన్నర, నిలువు ఏడున్నర. అంటే లోపల ఎనిమిది పది ఫోటో ఉండాలి. ఎనిమిది పదికి మేము పదకొండు పధ్నాలుగు ఫ్రేము వేస్తాం. పన్నెండు పదహారు ఫ్రేము వేసేది ఎనిమిది పన్నెండు ఫోటోకి. అలా వేస్తే నాలుగు వైపులా రెండుంబావు అంచు సమంగా వస్తుంది. ఇక్కడేమో పైనా కిందా రెండుంబావు, పక్కల మూడుంబావు. నాయన అలా ఎప్పుడూ చెయ్యడు. అంచు సమంగా లేకపోతే గిరాకీ అడగకపోయినా మళ్ళీ కోసే మనిషి.

రోజంతా ఊరివాళ్ళ ఫోటోలు కొలిచే నేను, నలభై ఏళ్ళుగా నెత్తిమీద వేలాడుతున్న ఫోటోని ఒక్కసారీ కొలవలేదు.

వెనక కాగితం చింపి, మేకులు లాగి, అట్ట తీశాను. ఫోటో ఎనిమిది పన్నెండే. మధ్యలో కాకుండా ఎడమకు జరిపి అంటించి ఉంది. కుడి వైపు మౌంటు కిందికి పావు అంగుళమే వెళ్ళింది, ఎడమ వైపు ఏకంగా రెండుంబావు. మౌంటు పైకెత్తాను.

అక్కడ ఒక పిల్ల నిలబడి ఉంది.

ఆరేళ్ళుంటాయేమో. రెండు జడలు, ఆకుపచ్చ గౌను. వెలుతురు తగిలిన ఫోటో అంతా ఎర్రబారి పాలిపోయింది గాని, అట్ట కింద ఉన్న ఆ గౌను రంగు ఇంకా అలాగే ఉంది. నాయన ముక్కూ, అమ్మ కళ్ళూ. అమ్మ ఎడమకు చూస్తున్నది సిగ్గుతో కాదు, ఆ పిల్ల వైపు.

మౌంటు పక్కన పెట్టి, ఫోటోని వెలుతురులోకి తిప్పాను. ఎవరో వచ్చి తమ పెళ్ళి ఫోటో అయిందా అని అడిగారు. ఏం చెప్పానో గుర్తులేదు. మళ్ళీ టేపు తీసి కొలిచాను, కొలత తప్పితే ఆ పిల్ల లేకుండా పోతుందన్నట్టు. కొలత తప్పలేదు. ఫోటో వెనక స్టూడియో ముద్ర ఉంది, వర్లిలోది. నాకు ఊహ తెలియక ముందు మేము అక్కడి చాల్లో ఉండేవాళ్ళమని తెలుసు. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు. నేను ఒక్కదాన్నే బిడ్డనని అందరికీ చెప్పుకుంటూ బతికాను.

నాయన మీద కోపం వచ్చింది. పక్కన కూచోబెట్టుకుని మౌంటు కోయడం నేర్పిన మనిషి, ఒక్కమాటా అనలేదు.

కొట్టు మూసి, ఫోటోని రెండు అట్టల మధ్య పెట్టుకుని ఇంటికి నడిచాను. అమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మా, ఈ పిల్లెవరే?"

అమ్మ చూసింది. చేట పక్కకు ఒరిగి బియ్యం నేలంతా పోయింది. ఆమె రెప్ప వెయ్యకుండా ఫోటోనే చూస్తోంది. నాకు భయమేసి భుజం పట్టుకుని కుదిపాను.

"ఇది ఏడ దొరికింది నీకు?" అంది చివరికి.

"ఫ్రేములనే ఉంది. మౌంటు కింద."

"లేదు. లేదు. కోసేసిండు."

"ఏంది కోసేసిండు?"

"నేనే కోసేయమన్న. దాన్ని సూడలేకపోతున్న, అన్నం తినబుద్ధి గాట్లేదు, కోసి పారేయమన్న. మర్నాడే ఫోటో కొత్త ఫ్రేముల తెచ్చి పెట్టిండు. కోసిండనే అనుకున్న." అమ్మ రెండు చేతుల్తో కళ్ళు తుడుచుకుంది. "తర్వాత ఎంత ఏడ్చిననో. నా బిడ్డ ముఖం ఒక్కటన్న లేకపాయె, నేనే కోపిచ్చిన అని. ఆయన్ని అడగనీకి ముఖం లేకుండె."

అంటే అమ్మకూ తెలియదు. మంచం ఎదురుగానే, అట్ట వెనకాల, ఆ పిల్ల ఇన్నేళ్ళూ నిలబడే ఉంది. నాయన కొయ్యలేకపోయాడు, కొయ్యలేదని చెప్పలేకపోయాడు. ఆమె అడుగుతుందేమోనని ఆయన చూశాడేమో. ఆమె అడగలేదు. ఇద్దరూ ఒకే గదిలో అలా బతికారు. నేనూ ఆ బియ్యంలోనే అమ్మ పక్కన కూచున్నాను.

"ఏమైంది తనకి?"

"జ్వరం. మూడు దినాలు. గంతే." అమ్మ ఫోటో మీద వేలు పెట్టబోయి, తడి చెయ్యి అని చీరకు తుడుచుకుంది. "నిన్ను కింద దించనిచ్చేది కాదే. సంకల ఏస్కొని చాల్ అంత తిరిగేది. ఈ గౌను నేనే కుట్టిన."

అప్పుడు అమ్మ నోట నా అక్క పేరు మొదటిసారి విన్నాను.

మర్నాడు కొత్త మౌంటు కోశాను. కిటికీ పదకొండున్నర, ఏడున్నర. నాలుగు వైపులా రెండుంబావు, ఎక్కడా వెంట్రుకవాసి తేడా రాలేదు. పాత అట్ట అంచు ఆనిన చోట ఫోటో మీద గోధుమరంగు గీత పడింది, అక్కకీ మాకూ మధ్య నిలువునా. అది పోయేది కాదు. అలాగే ఉంచాను.

కానీ అమ్మ గోడకు పెట్టనివ్వలేదు. "ఇప్పుడే వద్దు బిడ్డా, గుండె ఆగేటట్టుంది. నాకు చేతిల వట్టుకునేటంత చిన్నది చేపియ్యి" అంది.

ల్యాబుకు వెళ్ళి స్కాను చేయించాను. అక్కడి మనిషి మరాఠీలో అయిదు ఏడు తీస్తానన్నాడు, ముసలివాళ్ళకు చూడ్డానికి బాగుంటుందట. ఎనిమిది పన్నెండు ఫోటోని అయిదు ఏడులో పడితే పొడవులో కొంచెం కత్తిరించాలి. "పక్కన అర అంగుళమే పోతుంది, ఈ చివర పాపకి చెయ్యి కొంచెం తగ్గుతుంది, అంతే" అన్నాడు.

"వద్దు!" అన్నాను. గట్టిగా అన్నానేమో, లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "నాలుగు ఆరు తియ్యండి. దానిదీ దీనిదీ ఒకటే లెక్క, ఏదీ పోదు."

అమ్మ ఆ నాలుగు ఆరు ఫోటోని దిండు కింద పెట్టుకుంది. పది రోజులకు, పక్కగదామె వస్తే తనే తీసి చూపించింది. "నా పెద్దబిడ్డ" అంది. పక్కగదామె నా ముఖంలోకి చూసింది. "మా అక్క" అన్నాను. ఆ మాట నాకింకా కొత్తే.