గీత వదిలి లోపలికి

మా బావని ఫుట్‌బాల్ జట్టులో అందరూ గీతన్న అనేవాళ్లు. వెనక వరసలో కుడి వైపు బ్యాక్‌గా ఆడినన్నాళ్లూ పక్క గీతకి అతుక్కుపోయే ఆడాడు. సుద్ద అయిపోతే గీతన్న బూట్లు దులిపితే సరిపోతుందని మైదానం చూసుకునే ముసలాయన ఆటపట్టించేవాడు. ఇంట్లో మా అక్క మొగుడు, ఆటలో నా పక్కవాడు. నేను వెనక నడుమ కాచే సెంటర్ బ్యాక్‌ని.

గీతని అంతలా ఎందుకు పట్టుకున్నాడో అక్కకీ నాకూ మాత్రమే తెలుసు. ఒక ఆటలో కుడి కంటికి మోచెయ్యి తగిలింది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది, అక్షరాల బోర్డు గడగడా చదివేస్తాడు. క్లబ్బు డాక్టరుకి అందుకే అనుమానం రాలేదు. కుడి పక్కనుంచి వచ్చేది మాత్రం కనిపించదు. అక్క మంచినీళ్ల గ్లాసు ఎప్పుడూ ఆయనకి ఎడమ వైపే పెట్టేది. గీత కుడి పక్కన ఉంటే అటునుంచి ఎవడూ రాడు, అదీ ఆయన ధీమా. ఇంకో దెబ్బ తగిలితే ఆ కన్ను పూర్తిగా పోతుందని బయటి డాక్టరు చెప్పాడు. ఆట తప్ప ఇంకో పని రాని మనిషి, నోరు కుట్టేసుకున్నాడు.

అప్పుడొచ్చాడు కొత్త కోచ్. ఆయన్ని తిట్టుకోవాలని నాకెంత ఉన్నా, ఆయన చెప్పింది తప్పు కాదు. బోర్డు మీద అయస్కాంతం బిళ్లలు జరుపుతూ చూపించాడు. మధ్యలో వాళ్లు ముగ్గురు, మనం ముగ్గురం, ఖాళీగా ఎవడూ దొరకడు. బంతి మన దగ్గరున్నప్పుడు కుడి బ్యాక్ గీత వదిలి లోపలికి, మన మధ్య ఆటగాడి పక్కకి వస్తే నలుగురం. అంచున ఆడే వాళ్ల వింగర్ అతని వెంట లోపలికొస్తే అంచున మన వింగర్‌కి బంతి వెళ్లే దారి తెరుచుకుంటుంది. రాకపోతే మధ్యలో మనవాడొకడు ఖాళీ. ఎడమ బ్యాక్ మాత్రం వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లతో ఉండిపోతాడు. బంతి పోయినా మధ్యలో ఎక్కువమందిమి ఉంటాం కాబట్టి వెంటనే మీద పడి లాక్కోవచ్చు. లాక్కోలేకపోతే కుడి అంచు ఖాళీ, అక్కడికి నేను పరుగెత్తాలి. బంతిని ఇంత శుభ్రంగా అందించేవాడు ఇంకెవడూ లేడని బావనే ఎంచుకున్నాడు.

బావ సరేనని తలూపాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నడి మైదానంలో నాలుగు వైపులనుంచీ వస్తారు. బట్టలు మార్చుకునే గదిలో, కోచ్‌కి చెప్పేద్దామని బతిమాలాను.

"చెబితే బెంచీ మీద కూడా ఉంచరు. నువ్వు వెనకనుంచి అరుస్తూ ఉండు, చాలు," అన్నాడు.

అలా నేను ఆయన కుడి కన్నునయ్యాను. కుడి నుంచి ఎవడైనా వస్తే "కుడి" అని అరిచేవాణ్ణి, బావ బంతిని ఎడమకి తిప్పేసేవాడు. ప్రాక్టీసులో ఒక్కసారీ తప్పలేదు. మా ఆటలకి వచ్చే జనం అంతంతమాత్రమే, కాబట్టి నా గొంతు వినిపించేది. వరసగా గెలిచాం. గీతన్నకి ముసలితనంలో బుద్ధొచ్చిందని కుర్రాళ్లు నవ్వితే బావ కూడా నవ్వాడు. అక్క మాత్రం ఆటలకి రావడం మానేసింది.

పై లీగుకి వెళ్లాలంటే గెలవాల్సిన చివరి ఆటకి మైదానం నిండిపోయింది. రెండో సగంలో బావ లోపలికొచ్చాడు, నేనే బంతి ఇచ్చాను. వాళ్ల వింగర్ ఈసారి అంచున ఆగలేదు, కుడి పక్కనుంచి దూసుకొచ్చాడు. గొంతు చించుకుని అరిచాను. జనం హోరులో నా అరుపు నాకే వినిపించలేదు. బావ తాపీగా కుడికే తిరిగాడు. ఆ కుర్రాడి భుజం ఆయన మొహానికి తగిలింది, బంతి వాళ్లకి పోయింది, రిఫరీ ఈల వెయ్యలేదు. ఖాళీగా ఉన్న అంచుకి పరుగెత్తాను. నేను వదిలిన సందులోంచి బంతి గోల్లో పడింది. వెనక్కి తిరిగి చూస్తే బావ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి తడుముకుంటున్నాడు.

కన్ను దక్కలేదు. ఆపరేషన్ అయ్యాక చూడటానికి వెళ్తే, కోచ్ వచ్చి తలదించుకుని కూర్చుని ఇప్పుడే వెళ్లాడని అక్క చెప్పింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది. బావ ఒళ్లో ట్రే పెట్టుకుని మాత్రలు అటూ ఇటూ జరుపుతున్నాడు. ముందు ఏమిటో అర్థం కాలేదు. మధ్యలో మూడు, వెనక నాలుగు. కుడి మాత్రని కదపకుండా గీతలాంటి ట్రే అంచు దగ్గరే ఉంచి, ఎడమ మాత్రని మెల్లగా మధ్యలోకి తోశాడు.

నన్ను చూడటానికి తల పూర్తిగా తిప్పాడు.

"ఎడమవాడు లోపలికొచ్చినా మధ్యలో నలుగురే అవుతారు కదరా. నేను వెనకే ఉండిపోయేవాణ్ణి. కోచ్‌కి చెప్పుంటే ఆయన ఇలాగే పెట్టేవాడేమో."

అబద్ధం చెబుదామని నోటిదాకా వచ్చింది, కానీ బోర్డు నేనూ చూశాను.

"పెట్టేవాడే బావా," అన్నాను.