పక్క మార్చే వేళ

కంబదూరు బస్సులో ఒక పిల్ల కోసం డ్రైవర్‌ను గదమాయించి, బస్సును పరుగెత్తించానని పదిమందికి చెప్పుకున్నాను. అబద్ధం. ఆ బస్సు ఆలస్యమైందే నావల్ల.

దారిలో టీకొట్టు కనబడి నోరూరింది. "ఆపప్పా, కండ్లు తిరుగుతాండాయి" అని నాటకమాడాను. డ్రైవర్ పాపం ఆపినాడు.

పక్క సీట్లో మందుల సంచి పట్టుకున్న పన్నెండేళ్ల పిల్ల నాతోపాటు దిగింది. నా చంక కింద చెయ్యేసి, తన నడుము వంచకుండా, నన్ను బల్లమీద కూర్చోబెట్టింది.

"దబక్కున లేయొద్దు తాతా. నీళ్లు కొంచెం కొంచెంగా తాగు."

"యాడ నేర్చినావే ఇవన్నీ?"

"మాయమ్మకు నడుం కిందంతా సచ్చుపడిపోయింది. రెండు గంటలకోసారి పక్క మార్చల్ల, లేకుంటే పుండ్లు పడతాయి. అమ్మను తిప్పొచ్చి మూడు గంటలాయ." ఆ పిల్ల చూపు బస్సు మీదే ఉంది.

"మీ నాయన?"

"బెంగుళూరులో కూలిపని."

"మరి ఇస్కూలు?"

"కడుపునొప్పని చెప్తా. నిజం చెప్తే నన్ను హాస్టల్లో ఏస్తారేమో! అమ్మను ఎవురు తిప్పుతారు?"

చెప్పిన టీ వదిలేసి లేచాను. బస్సెక్కాక డ్రైవర్‌ను తొందరపెట్టింది మాత్రం నిజం. పైగా గట్టిగా.

"నీ కోసమే కదప్పా ఆపింది!" అన్నాడతను. ఆ పిల్లకు వినబడిందో లేదో అడగలేదు.

తన ఊరు రాగానే దూకింది. నాలుగడుగులు పరుగెత్తి, వెనక్కి తిరిగి అరిచింది.

"తాతా, దిగేటప్పుడు ఒంటిగా దిగొద్దు. ఎవురినన్నా పట్టుకో!"