సీసా ధర అడిగిన ఇల్లు

సృజన బొంతపల్లి ఉన్నత పాఠశాలలో నా దగ్గర చదివింది. క్రియ లేని వాక్యానికి నేను మార్కు వేసేదాన్ని కాను. ఈ సంగతి ఆమె నేటికీ మరచిపోలేదు. విచిత్రమేమిటంటే, నేడు ఆమెకు జీతం వస్తున్నది క్రియలు లేని వాక్యాలను చదివినందుకే.

ఆమె తండ్రి చిన్నరాములు మందుల ఫ్యాక్టరీలో లోడింగు పని చేస్తాడు. డిగ్రీ పూర్తయ్యాక సృజనకు సుల్తాన్‌పూర్‌లో, ఇళ్లలో వాడే ఆక్సిజన్ యంత్రాలు తయారుచేసే ఒక కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ యంత్రం గదిలోని గాలిని లోపలికి పీల్చి, అందులోని ఆక్సిజన్‌ను చిక్కబరచి, తేమ చేరేందుకు ఒక నీళ్ల సీసాలో నుంచి బుడగలుగా పంపి, సన్నని గొట్టం ద్వారా రోగి ముక్కుకు అందిస్తుంది. యంత్రం పక్కన అతికించిన నంబరుకు వాట్సాప్‌లో ఏ సందేహమైనా రాయవచ్చు. మొదట కంప్యూటరే జవాబిస్తుంది. అది అడిగినవారి మాటల్లో తనకు తెలిసిన మాట ఒకటి పట్టుకొని, దానికి సరిపోయే జవాబు పంపి, ‘పరిష్కరించబడినది’ అని గుర్తు వేసుకుంటుంది. అలా పరిష్కారమైపోయినట్టు కనిపించినవాటిలో నిజంగా కానివి ఏవో ఏరడం సృజన పని.

జనం ఆ నంబరుకు ఉత్తరం రాసినట్టు రాయరు; ఫోనులో దేనికోసమో వెతుకుతున్నట్టు రెండు మూడు ముక్కలు విసురుతారు. ఒకసారి ఎవరో ‘పైపు పొడుగు బాత్రూం’ అని రాశారు. కంప్యూటరు గొట్టం బొమ్మ, కొలతలు పంపి ఊరుకుంది. సృజనకు మాత్రం ఒక ముసలాయన మూత్రానికి లేచినప్పుడల్లా గొట్టం తీసేసి, గోడ పట్టుకొని ఆయాసపడుతూ నడుస్తున్నట్టు తోచింది. అడిగితే అదే నిజమైంది. అయితే ప్రతిసారీ అంత తేలికగా తోచదని ఆమే చెబుతుంది. చాలాసార్లు ఆమె తెర ముందు కూర్చొని, ఆ ముక్కల చుట్టూ ఒక ఇంటిని ఊహించుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఇల్లు కనిపించదు.

ఆ మంగళవారం ఉదయం కూడా అట్లాగే అయింది. అమీన్‌పూర్‌లోని ఒక అపార్ట్‌మెంటు నుంచి ‘సీసా ధర’ అని వచ్చింది. కంప్యూటరు ధర చెప్పి, మూడు రోజుల్లో పంపుతామని రాసి, పరిష్కరించబడినదని గుర్తు వేసింది. కాసేపటికి మళ్లీ అదే నంబరు: ‘సీసా మూత ధర’. మళ్లీ అదే జవాబు. ఆ తరువాత: ‘సీసా ఈరోజే’. ఆ తరువాత: ‘బుడగలు’.

ధర తెలిసినవాళ్లు మళ్లీ ధర ఎందుకు అడుగుతారు? సృజనకు ఆ సందేహమే మొదట కలిగింది. అడిగినదానికి జవాబు దొరికినవాళ్లు రెండోసారి మాటలు మార్చి అడగరని అనుభవం మీద ఆమెకు తెలుసు. ఆ నంబరు ఎవరిదో చూసింది. త్రినాథరావు, పదవీ విరమణ చేసిన ప్రభుత్వ కర్మాగార ఉద్యోగి, యంత్రం రెండేళ్ల కిందటిది. ఆయన పాత సందేశాలన్నీ ఇంగ్లీషులో, పైన సంబోధన, కింద సంతకంతో సహా పొడవుగా ఉన్నాయి. అటువంటి మనిషి ‘బుడగలు’ అని ఒక్క ముక్క రాస్తాడా?

పక్క బల్ల దగ్గర హరినాథ్ కూర్చున్నాడు. ఇళ్లకు వెళ్లి యంత్రాలు బాగుచేసి వచ్చే అనుభవం గలవాడు.

“అన్నా, ఇది జెర సూడు. సీసా కావాల్నా, మూత కావాల్నా, బుడగలు కావాల్నా, నాకేం సమజైతలేదు.”

“బుడగలు ఎక్కువొస్తున్నయేమో. సప్పుడుకు నిద్రపడతలేదని కొందరంటరు.”

“మరి సీసా ఈరోజే ఎందుకు?”

“పగిలిందేమో.”

“పగిలితే మూత ధర ఎందుకడుగుతరు?”

“నన్నెందుకు పరేషాన్ చేస్తవ్, ఆయన్నే అడుగరాదు,” అని హరినాథ్ నవ్వాడు.

సృజన అడిగింది. నేను నేర్పిన పద్ధతిలోనే, కర్త, కర్మ, క్రియ అన్నీ కుదిరిన వాక్యం రాసింది: ‘నమస్కారం. దయచేసి మీ సమస్యను వివరంగా తెలియజేయగలరా?’ జవాబు రాలేదు. చదివినట్టు మాత్రం నీలం గుర్తులు పడ్డాయి. మరికొంతసేపటికి అవతలినుంచి, ఆ ప్రశ్న తనను కాదన్నట్టుగా, ‘మేడం వచ్చేలోపు సీసా’ అని వచ్చింది.

ఆమె ఫోను చేసింది. రెండుసార్లు మోగాక అవతలివాళ్లు కట్ చేశారు. మళ్లీ చేసింది, మళ్లీ కట్ చేశారు.

అప్పుడు ఆమెకు మరింత అయోమయమైంది. సాయం అడుగుతారు, సాయం చేస్తామంటే తప్పుకుంటారు. మేడం ఎవరు? ఆమె వచ్చేలోపు ఏం జరగాలి? దొంగతనమా, భయమా?

“అన్నా, బుడగలు లేకుంటే ఏమైతది?” అని అడిగింది చివరికి.

హరినాథ్ ఈసారి నవ్వలేదు. కుర్చీ ఇటు తిప్పుకున్నాడు.

“లేకుంటే గాలి సీసాలకెళ్లి పోతలేదన్నట్టు. గొట్టం మడతపడ్డా కావొచ్చు. అట్లైతే మిషన్ మీద ఫ్లో చూపించే గోలీ కిందికి దిగుతది. గోలీ ఎప్పటి లెక్కనే ఉండి బుడగలు లేవంటే, మూత దగ్గర కారుతున్నట్టు. కడిగినంక మూత వంకరగ పెడతరు. మిషన్‌కు ఆ సంగతి తెల్వది, తనది తాను మంచిగనే పంపుతున్ననని అనుకుంటది. బీప్ కూడ కొట్టదు.”

“మరి మనిషికి?”

“మనిషికి ఆక్సిజన్ అందదు. ఇగ సీసా సంగతి తర్వాత, ముందు మనిషిని అడుగు.”

సృజన మళ్లీ పూర్తి వాక్యం మొదలుపెట్టి, సగంలో చెరిపేసింది. అవతలివారు తమకు ఎదురుగా మనిషి ఉన్నట్టే అనుకోవడం లేదని ఆమెకు అప్పుడు తట్టింది. ఫోనులో మాటలు కొట్టి వెతికే పెట్టె ఎదురు ప్రశ్న వేయదు కదా. వేసినా దానికెవరు జవాబు చెబుతారు? అందువల్ల తానూ వాళ్ల మాటల తీరులోకే దిగింది.

‘బుడగలు ఉన్నాయా లేవా’

‘లేవు’ అని వెంటనే వచ్చింది.

‘గోలీ ఎక్కడ’

‘2 కాడ’. డాక్టరు ఆయనకు రాసిందీ రెండే.

‘బీప్’

‘లేదు’

‘సారు పెదవులు నీలం?’

కొంత ఆలస్యమైంది. ‘లేదు. ఆయాసం’

‘వేలి మిషన్ అంకె’ అని, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం సంగతి అడిగింది.

‘86’

సృజన ఆ అంకెను హరినాథ్‌కు చూపింది. “డాక్టర్ ఏ అంకె ఉండాలన్నడో ఫైల్ల ఉందా?” అన్నాడతను. ఎనభై ఎనిమిదికి తగ్గకూడదని ఉన్నట్టు ఆమె చూసి చెప్పింది. “అయితే జల్దీ చెయ్. మూత సరిచేసినంక అంకె ఎక్కకుంటే 108. పెదవులు నీలమైనా, మాట తడబడ్డా, మూత సంగతి విడిచిపెట్టి 108. ఫోన్ ఎత్తుతలేరా?”

“భయపడుతున్నరన్నా.”

ఎవరికి భయం, ఎందుకు భయం అన్నది ఆమెకు ఇంకా తెలియదు. కాని ధర అడగడం, మేడం వచ్చేలోపు అనడం, ఫోను కట్ చేయడం, ఈ మూడూ ఒకే ఇంట్లోవి కావాలంటే ఆ ఇల్లు ఒక్క తీరుగానే ఉండగలదు: అక్కడ ఎవరో సీసా తామే పాడుచేశామనుకొని, మేడంకు తెలియకముందే కొత్తది పెట్టాలని చూస్తున్నారు. ఆమె ఇట్లా రాసింది:

‘సీసా పగల్లేదు. మీరు పాడు చేయలేదు. కొనొద్దు. మూత వంకర. నేను మనిషిని. ఫోన్ ఎత్తండి’

ఈసారి మోగగానే ఎత్తారు. అవతల నుంచి అణచుకున్న గొంతు:

“ఎవలు బిడ్డా? నువ్వు నిజంగ మనిషివేనా?”

“మనిషినేనమ్మా. సృజన నా పేరు. మీరెవరు?”

“సోమమ్మను. సారును సూసుకుంటందుకు ఉన్న. పొద్దుగాల సీసా కడిగి పెట్టిన, అప్పటిసంది బుడగలు పోయినయ్. పలగ్గొట్టిననో ఏమో. మేడం ఆఫీసుకు పోయింది. వచ్చి సూస్తే పనిల నుంచి తీసేస్తది. మా కొడుకు నవీన్‌కుమార్ చెప్పిండు, ఫోన్ల వెతికితే రెండు మాటలే కొట్టాలె, ఎక్కువ కొడితే రాదని. గందుకే సారు ఫోన్ల గట్ల కొట్టిన.”

“మంచిదమ్మా. ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. సారును దిండుకు ఆనిచ్చి కూసోబెట్టు. చేసినవా? ఇగ మూత మొత్తం విప్పు. మళ్ల పెట్టేటప్పుడు ముందుగాల ఎడమకు, విప్పేటోళ్ల లెక్క తిప్పు. చిన్నగ టక్కుమని కిందికి కూసుంటది. కూసున్నంక కుడికి బిగించు.”

అవతల ప్లాస్టిక్ గీసుకున్న చప్పుడు. తరువాత ఏమీ లేదు. హరినాథ్ 108 నొక్కి, పచ్చ గుర్తు మీద వేలు పెట్టి ఉన్నాడు.

“కూసుంది బిడ్డా. టక్కుమంది.”

“బుడగలు?”

“వస్తున్నయ్. బుసబుస వస్తున్నయ్.”

“అంకె చూస్తూ ఉండు. ఫోన్ పెట్టకు.”

అంకె వెంటనే ఎక్కలేదు. సోమమ్మ ‘గంతే ఉంది’ అంటూ పోయింది. తాను చెప్పినది తప్పేమోనని సృజనకు అనుమానం వచ్చింది. ఆ తరువాత ఎనభై ఏడు, ఎనభై తొమ్మిది. త్రినాథరావు గొంతు దూరం నుంచి, “ఎవరితోనమ్మా మాట్లాడుతున్నావు?” అని వినిపించింది. సోమమ్మ గొంతు ఇంకా తగ్గించింది. తొంభై ఒకటి వచ్చాక, “ఇగ ఇక్కడికి అయిపోయింది కదా, మేడంకు ఎందుకు చెప్పుడు” అన్నది.

ఇక్కడ సృజనకు మరొక తికమక. చెప్పమంటే ఆ మనిషి బతుకుతెరువు పోవచ్చు. చెప్పకపోతే పొద్దుటి నుంచి ఆయనకు ఆక్సిజన్ సరిగా అందలేదన్న సంగతి డాక్టరుకు తెలియదు.

“చెప్పాలెనమ్మా. డాక్టర్‌కు తెల్వకుంటే సారుకే నష్టం. నువ్వు చెప్తే బాగుంటది. నీ పక్కన నేనుంట, లైన్ల.”

సోమమ్మ సరేనంది. సృజన ఫైలులో ఉన్న త్రినాథరావు కూతురు నాగేశ్వరి నంబరు కలిపింది, మేడం అంటే ఆమే; ముగ్గురూ ఒకే లైనులో. సోమమ్మ మొదలుపెట్టింది, కాని మూత అన్న మాట దగ్గరే ఆగిపోయింది. మిగిలినది సృజన చెప్పింది.

“సీసా కడగమని చెప్పింది నేనే. ఎలా పెట్టాలో చూపించలేదండీ,” అన్నది నాగేశ్వరి. “సోమమ్మా, నాకెందుకు ఫోన్ చేయలేదు?”

“తీసేస్తరని, మేడం.”

“ఇలా దాస్తే మాత్రం తీసేస్తాను. నాన్నగారికి ఇప్పుడెంతుంది?”

“తొంభై రెండు.”

“సరే. నేను బయలుదేరుతున్నాను, డాక్టరు గారికి దారిలో చేస్తాను. నువ్వు ఆయన దగ్గరే ఉండు.”

ఉండు అన్న మాట ఈ ఒక్క పూటకా, ఎప్పటికా అన్నది సోమమ్మకూ, సృజనకూ ఆ రోజు తేలలేదు.

మరునాడు అదే నంబరు నుంచి ఒక సందేశం వచ్చింది: ‘సృజన ఊరు’. కంప్యూటరు ఊరు అన్న మాటను పట్టుకొని, సంగారెడ్డి జిల్లాలోని సర్వీసు కేంద్రాల చిరునామాలన్నీ పంపి, పరిష్కరించబడినదని గుర్తు వేసింది. సృజన ఆ గుర్తును తీసేసింది. అది ధన్యవాదమా, ఆరా తీయడమా, ఏదైనా సంబంధం చూసే ఉద్దేశమా అని ఎంతో ఆలోచించిందట, నన్నూ అడిగింది. నాకూ తెలియలేదు. ఒకటి మాత్రం రూఢి: సోమమ్మ ఆ ఇంట్లోనే ఉంది.

సృజన ఒకే ఒక్క మాట రాసింది: ‘బొంతపల్లి’.

క్రియ లేదు. నేను మార్కు వేశాను.