అంతయ్య విప్పిన మూడు రాడ్లు

హయత్‌నగర్‌లో బస్సెక్కి, ఎల్బీ నగర్‌లో దిగి, మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ చేరేలోపే అంతయ్యకు ఆ రోజు చేయాల్సిన పనంతా తలలో వరుసగా అమరిపోతుంది. చేతిలో టిఫిన్ డబ్బా, చొక్కా జేబులో చాక్‌పీసు, నడుముకు బైండింగ్ తీగ ముడులు తిప్పే ఇనుప కొక్కెం. మొదట్లో మెట్రో గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆ కొక్కేన్ని చూసి ఆపేవాళ్లు. ఇప్పుడు వాళ్లే పలకరిస్తారు.

"ఏం పెద్దాయనా, ఇయ్యాల ఎన్ని ముడులు?"

"లెక్కవెడ్తె నీ డ్యూటీ అయిపోతది" అంటాడు అంతయ్య.

యాభై ఆరేళ్ల మనిషి. నల్లగొండ పల్లె నుంచి వచ్చిన కొత్తలో ఎల్బీ నగర్ చౌరస్తాలో కూలీ కోసం నిలబడి, రాడ్లు మోసే పనికి కుదిరాడు. మోస్తూ మోస్తూ వంచడం నేర్చాడు, వంచుతూ డ్రాయింగు చదవడం నేర్చాడు. బడి అయిదో తరగతితోనే ఆగినా, కాగితం మీద గీసిన గీత ఎన్ని మిల్లీమీటర్ల రాడ్డో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడంలో తడబడడు. కళ్లు మూసుకొని రాడ్డును వేళ్ల మధ్య పట్టుకుంటే చాలు, పదహారో ఇరవయ్యో చెప్పేస్తాడు.

అతనికి ఒక పద్ధతి ఉంది. బీము కట్టడం పూర్తయ్యాక ఆఖరి ముడి మాత్రం ఎవ్వర్నీ వేయనివ్వడు. తానే వేస్తాడు, అదీ ఎడమవైపుకు తిప్పి. ఆ తర్వాత కొక్కెం నడుముకు దోపుకొని, "అయింది. ఇగ ముట్టొద్దు" అంటాడు. ఎడమ తిప్పుడు ముడి పడ్డ బీమును ముప్పై ఏళ్లలో ఎవరూ విప్పించలేదు. ఈ మాట అతను చెప్పుకోడు. అతని ముఠాలోని జగన్ చెప్తాడు, సైటుకు కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ, కొంచెం పెంచి.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో కమలాకర్ కట్టిస్తున్న బిల్డింగులో ఆ ఎడమ ముడి ఒక గురువారం సాయంత్రం పడింది. శనివారం పది గంటలకు కాంక్రీటు లారీలు రావాలి. కమలాకర్ తాతలు ఆ చుట్టుపక్కల జొన్న వేసినవాళ్లు. ఇప్పుడు ఆయన కింద పెద్ద షోరూం, పైన అయిదంతస్తులు వేయిస్తున్నాడు. షోరూం మధ్యలో పిల్లర్ అడ్డం రాకూడదన్నాడు. దాంతో పైనుంచి దిగుతున్న ఒక పిల్లర్‌ను మొదటి అంతస్తులోనే ఆపి, దాని బరువంతా ఒక బీము మీద పెట్టాల్సి వచ్చింది.

అది మామూలు బీము కాదు. రెండు పిల్లర్ల మధ్య పదమూడడుగుల దూరానికి ఏడడుగుల ఎత్తు. చూస్తే గోడలా ఉంటుంది. పైగా ఆ బరువు నడుమ పడదు. ముందువైపు పిల్లర్‌కు నాలుగడుగుల దూరంలోనే దిగుతుంది.

శుక్రవారం పొద్దున డిజైన్ చేసిన ఆఫీసు నుంచి ఇంజనీరు అంబిక వచ్చింది. చైతన్యపురిలో కోచింగ్ సెంటర్ల మధ్య, మెట్ల కింద జిరాక్స్ షాపున్న బిల్డింగులో వాళ్ల ఆఫీసు. ఇరవై ఎనిమిదేళ్ల అమ్మాయి. హెల్మెట్ కింద జడను లోపలికి తోసుకొని, నిచ్చెనెక్కి, టార్చి లైటుతో రాడ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ముందువైపు ఆరు. వెనకవైపుకు నడిచింది. మళ్లీ లెక్కపెట్టింది.

"అంతయ్యన్నా, ఇక్కడ మూడే ఉన్నయ్."

"మూడు లోపలికి పోయినయ్, మూడు పైకి లేపిన మేడం. క్రాంకు."

"డ్రాయింగ్‌ల క్రాంకు లేదు కదా?"

"డ్రాయింగ్‌ల అన్ని ఉండయ్ మేడం. బీమన్నంక చివర్ల సగం రాడ్లు లేపుడు రివాజు. నేనేం ముందుదిక్కు లేపిన్నా? బరువు ఆడ పడ్తది, అందుకే ఆరిటికి ఆరు ఉంచిన. ఈ ఎనకదిక్కు ఏముంది, ఖాళీ."

అతని మాటలో తప్పులేదు, మామూలు బీమయితే. మామూలు బీములో కిందికి వంగే ఒత్తిడి నడుమ ఎక్కువగా ఉండి, చివరికి పోయేకొద్దీ తగ్గుతుంది. కింది రాడ్లలో సగాన్ని చివర్లో పైకి వంచడం అంతయ్య చేతులకు ఊపిరి పీల్చినంత అలవాటు. పైగా వెనక పిల్లర్ రాడ్లు ఇరుకుగా ఉన్నాయి. ఆరింటినీ అందులోకి దూర్చడం కష్టం.

అంబిక నిచ్చెన దిగి, సిమెంటు బస్తాల మీద డ్రాయింగు పరిచింది.

"ఇది వంగే బీము కాదన్నా. దీని లోపల కనబడని రెండు కట్టెలున్నయ్ అనుకో. పైన బరువు పడే కాడ రెండూ ఆనుకుంటయ్. ఒకటి ముందు పిల్లర్ మీదికి నిటారుగ దిగుతది. ఇంకొకటి వెనక పిల్లర్ మీదికి ఏటవాలుగ పోతది. కాంక్రీటే ఆ కట్టెలు. వాటి కాళ్లు బయటికి జారకుంట కట్టి పట్టుకునేటియే ఈ ఆరు రాడ్లు. ఈ లెక్కను స్ట్రట్ అండ్ టై అంటరు."

"బరువెంత?"

"జాగ్రత్త కోసం వేసే పెంపులన్ని కలిపి రెండు వందల నలభై టన్నులు. ముందు పిల్లర్‌కు నూట అరవై ఎనిమిది, వెనక పిల్లర్‌కు డెబ్బై రెండు."

"అగో, నువ్వే చెప్తివి. ఎనక సగం గూడ లేదు."

"కిందికి దిగేది సగం లేదన్నా. కానీ లాగుడు రెండు దిక్కుల ఒక్కటే. నూట పన్నెండు టన్నులు, ఈ చివరి నుంచి ఆ చివరి దాక. ఎక్కడ తగ్గది. మూడు రాడ్లు అరవై నాలుగు టన్నులే ఆపుతయ్."

కమలాకర్ అప్పటికే వచ్చి వెనక నిలబడ్డాడు. "అంటే విప్పాల్నా? రేపు పదింటికి లారీలు బుక్కయినయ్ అంతయ్యా."

జగన్ నోరు తెరిచి అంతయ్య వైపు చూశాడు. ముఠాలో తొమ్మిది మందీ చేతిలో పని ఆపేశారు. అంతయ్య డ్రాయింగు వైపు కాదు, పైనున్న ఎడమ ముడి వైపు చూశాడు. ముప్పై ఏళ్ల పేరు. దాన్ని ఒక కాగితం చెప్పిందని విప్పేయడమా? మామూలు తప్పయితే ఒప్పుకునేవాడే. కానీ బరువు తక్కువ పడే చోట లాగుడు తగ్గదంటే అతని చేతులు నమ్మడం లేదు.

"మేడం, కాయితం మీద వద్దు. కట్టెల మీద సూద్దాం. నువ్వు గెలిస్తె నేనే విప్పుత. నేను గెలిస్తె కమలాకర్ సారు నా ముఠాకు బిర్యానీ పెట్టాలె."

"నడుమ నేనెందుకయ్యా?" అన్నాడు కమలాకర్.

"బిల్డింగు నీదే గద సారూ."

అంబిక నవ్వింది. "సరే. కట్టెలు నువ్వే కట్టు, నేను ముట్టను."

అంతయ్య సెంట్రింగ్ సామాను కుప్పలోంచి ఒక పొట్టి సర్వి కట్టెను, ఒక పొడుగు కట్టెను లాగాడు. రెండింటి తలలూ కలిపి కట్టాడు. నేల మీద నూనె రాసిన సెంట్రింగ్ రేకులు రెండు పరిచి, పొట్టి కట్టె కాలిని ఒకదాని మీద నిటారుగా, పొడుగు కట్టె కాలిని ఇంకోదాని మీద ఏటవాలుగా పెట్టాడు. కాళ్లు జారకుండా రెండింటినీ సుతిలితో కట్టాడు. తన బీములాగే పొట్టి కాలి దగ్గర ఆరు పోగులు. అందులో మూడింటిని పొడుగు కాలికి జానెడు ఇవతలే మిగతావాటికి ముడేసి ఆపాడు. మిగిలిన మూడే ఆ కాలిని చేరాయి. కట్టెలు పక్కకు ఒరగకుండా ఇద్దరు పట్టుకున్నారు.

"తెగితె ఈడ తెగాలె" అని నిటారు కట్టె కాలి దగ్గర చాక్‌పీసుతో గీత గీశాడు. "బరువు ఈడనే ఉంది గద."

తలల ముడికి జగన్ ఒక సిమెంటు బస్తా వేలాడదీశాడు. సుతిలి బిగుసుకుంది. అంతయ్య వంగి, పొట్టి కాలి దగ్గర పోగుల మీద వేలు పెట్టి మీటాడు. పొడుగు కాలి దగ్గరికి పోయి అక్కడా మీటాడు. అక్కడి మూడు పోగులూ తీగల్లా మోగాయి.

"ఇంకొకటి పెట్టు" అన్నాడు.

రెండో బస్తా బరువు దిగుతుండగానే పొడుగు కాలి దగ్గర మూడు పోగులూ ఒక్కసారే టపీమని తెగాయి. ఏటవాలు కట్టె కాలు రేకు మీద సర్రున జారింది. బస్తాలు నేల మీద పడి ఇంత దుమ్ము లేచింది. గీత గీసిన చోట సుతిలి చెక్కుచెదరలేదు.

అంతయ్య తెగిన పోగులు చేతిలోకి తీసుకొని చూశాడు. ఏటవాలుగా ఉన్న కట్టె మీద బరువు తక్కువే. కానీ ఏటవాలుగా ఉంది కాబట్టే దాని కాలు బయటికి అంతగా తన్నుతోంది. పొట్టి కట్టె తన్నుడు, పొడుగు కట్టె తన్నుడు ఒకే తాడును రెండు కొసల్లో పట్టి లాగుతున్నాయి. తాడు ఒకటే అయినప్పుడు లాగుడు రెండు రకాలుగా ఎట్లా ఉంటుంది? సుతిలి మీద వేలు పెట్టినప్పుడే అతనికి తెలిసిపోయింది. రెండో బస్తా మిగతావాళ్ల కోసం.

"బిర్యానీ పాయె" అన్నాడు జగన్ నెమ్మదిగా.

అంతయ్య పెద్దగా నవ్వాడు. "పాయెరా. నిచ్చెన పట్టు."

తానే పైకెక్కి, కొక్కెంతో ఎడమ ముడిని కుడివైపుకు తిప్పి విప్పాడు. తర్వాత వెనక చివర కాసేపు కూర్చొని పిల్లర్ రాడ్ల సందులు జానలతో కొలిచాడు. కిందికి వంగి అంబికను పిలిచాడు.

"మేడం, కొత్తయి మూడు బిల్డింగు ఎనకున్న ఖాళీ జాగ నుంచి దూరుస్త. ముందు కొస ఎట్లాగు పిల్లర్ దాటి పక్క బీము లోపటికి సాపుగ పోతది, అడ్డమేం లేదు. ఎనక కొస పిల్లర్ అవతలి అంచు దాక పోయినంక ఒంపు తిప్పి ఫీటున్నర పైకి లేపుత. కానీ ఆరు ఒంపులు ఒక్క వరసల వెడ్తె కాంక్రీటు దిగది. కింద మూడు, పైన మూడు వెడ్త. పై ఒంపులు జర లోపలికి. వైబ్రేటర్ సూది పోవాలె గద."

అంబిక కాగితం మీద లెక్కవేసింది. ఒంపు రెండు అంగుళాలు లోపలికి జరిగినా పట్టు సరిపోతుందా అని రెండుసార్లు చూసుకుంది.

"ఒంపు పైన తోక ఇంకో నాలుగు అంగుళాలు పెంచు. సరిపోతది. ఇది నా డ్రాయింగ్‌ల ఉండాల్సింది అన్నా, నేనే వెయ్యలే."

"డ్రాయింగ్‌ల అన్ని ఉండయ్ అంటి గద" అన్నాడు అంతయ్య. ఈసారి ఇద్దరూ నవ్వారు.

బీము వెనక కొసను మూసిన సెంట్రింగ్ పలకలు తీశారు. వంచిన మూడు రాడ్లు బయటికొచ్చాయి. కొత్త రాడ్లు నలుగురు భుజాల మీద మోసుకొచ్చారు. అంతయ్య "లోపటికి… ఇంకజర… ఆగు" అంటుంటే ఒక్కొక్కటే బీము చుట్టు రింగుల మధ్య నుంచి జారాయి. మూడోది ముందు పిల్లర్‌ను దాటేసరికి వీధి దీపాలు ఇంకా వెలగలేదు. అంబిక మళ్లీ నిచ్చెనెక్కింది. ముందు ఆరు. వెనక ఆరు. ఫోటోలు తీసుకుంది. అంతయ్య ఆఖరి ముడి వేసి ఎడమవైపుకు తిప్పాడు.

శనివారం పది గంటలకు కాంక్రీటు లారీ సందులోకి రివర్సులో వచ్చింది. పక్క సైటు మేస్త్రి సాయినాథ్ ఈ సంగతి ముందే విన్నాడు కాబోలు, చాయ్ గ్లాసు పట్టుకొని వచ్చి నిలబడ్డాడు.

"ఏందన్నా, నువ్వు కట్టింది విప్పిచ్చిన్రట?"

అంతయ్య వైబ్రేటర్ పట్టుకున్న మనిషికి వెనక మూల చూపిస్తూ, తల తిప్పకుండా చెప్పాడు.

"ఎవ్వలు విప్పియ్యలే. నేనే విప్పిన. నీ దిక్కు గూడ గిసువంటి గోడ బీము ఉందంటివి గద, రాడ్లు యాడ లేపినవ్?"

సాయినాథ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎనకదిక్కు" అన్నాడు.

"ఇది నిండనీ. రెండు కట్టెలు, సుతిలి తీసుకొని ఒస్త."