తిరిగి రాని డబ్బాలు

"ఏమ్మా, ఈసారి కూడా అన్నీ కొత్త డబ్బాలేనా? పాతవి ఎవరూ వెనక్కి తేవట్లేదా?"

వన్‌టౌన్‌లో మాకు స్టీలు డబ్బాలు అమ్మే పెద్దాయన ఫోన్లో నవ్వుతూ అడిగాడు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక నెలనెలా ఎన్ని డబ్బాలు కొన్నానో లెక్కపెట్టాను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో గానుగ నూనె కొట్టు పెట్టి అప్పటికి అయిదు నెలలు. మొదటిసారి కొన్నవాళ్ళకి నూనెతో పాటు అయిదు లీటర్ల డబ్బా అమ్మేదాన్ని. అయిపోయాక ఖాళీ డబ్బా తెస్తే నూనె మాత్రమే నింపి ఇస్తాం. అంటే జనం మళ్ళీ మళ్ళీ వస్తుంటే నాకు కొత్త డబ్బాలతో అంత పని ఉండకూడదు. నేనేమో నెలనెలా అంతకుముందుకన్నా ఎక్కువ కొంటున్నాను. అమ్మకాలు పెరుగుతున్నాయన్న సంతోషంలో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

నెలాఖరుకి మా ఆయన ఆటోనగర్‌లో ఉద్యోగం మానేస్తున్నారు. స్పేర్‌పార్టుల కొట్టులో పదకొండేళ్ళుగా కౌంటర్ చూస్తున్నారు. హనుమాన్ జంక్షన్‌లో రెండో కొట్టు పెట్టి ఆయన చూసుకోవాలని అనుకున్నాం. సోమవారం అడ్వాన్సు ఇవ్వాలి. ఈ ధైర్యమంతా నేను వేసిన ఒక లెక్క మీద నిలబడి ఉంది. మొదటి నెల కొన్న నలభై కుటుంబాల్లో ముప్ఫై ఒకటి రెండు నెలల్లోపే మళ్ళీ వచ్చాయి. ఆ లెక్క వేసేనాటికి రెండు నెలలు నిండిన నెల అదొక్కటే. దాన్నిబట్టి నలుగురిలో ముగ్గురు నిలుస్తారని రాసేసి, తర్వాత వచ్చిన అందరికీ అదే అంటగట్టాను.

ఆ మధ్యాహ్నం బిల్లులు ముందేసుకుని, ఫోన్ నంబర్లను బట్టి ఎవరు ఏ నెలలో మొదటిసారి కొన్నారో విడదీశాను. ఒక్కో నెలవాళ్ళకీ సరిగ్గా రెండేసి నెలల గడువు ఇచ్చి చూశాను. రెండో నెలలో కొన్న అరవై రెండు మందిలో తిరిగొచ్చింది పంతొమ్మిది మంది. మూడో నెలలో ఎనభై అయిదుకి పదిహేడు. నాలుగు, అయిదు నెలలవాళ్ళకి గడువు ఇంకా పూర్తి కాలేదు. వాళ్ళు ఉన్నారనీ పోయారనీ చెప్పడానికి లేదు.

మొదటి నెల ఎందుకంత బాగుందో నాకు తెలుసు. వాళ్ళంతా మా చర్చివాళ్ళు.

తిరిగిరానివాళ్ళలో కొందరికి ఫోన్ చేశాను.

"నూనె బాగుందండీ, నేనేం వంక పెట్టట్లేదు," అంది పటమటలో ఉండే ఒకావిడ. "కానీ ఈ రేటుకి వేపుళ్ళకి ఎక్కడ వాడగలమండీ? పిల్లలకి దోసెలకి మాత్రమే వాడుతున్నా. ఇంకా సగముంది."

ఇంకొకావిడ పెద్దగా నవ్వింది. "మీ డబ్బానా? అబ్బో, అందులో కందిపప్పు పోశానండీ. మూత భలే గట్టిది!"

సగం డబ్బా మిగిలినావిడ పోయినట్టు కాదు, ఆలస్యంగా వస్తుంది. పప్పు పోసుకున్నావిడ ఇక రాదు. నా కాగితం మీద మాత్రం ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. మా కొట్టు మానేస్తున్నానని ఎవరూ చెప్పి వెళ్ళరు కదా. అందుకని ఒక అంకె వెయ్యడం మానేసి రెండు వేశాను. ఆలస్యమైనవాళ్ళంతా వస్తారనుకుంటే ఈ కొట్టు నడుస్తుంది. మూడో నెలవాళ్ళలాగే మిగతావాళ్ళూ ఉంటే, కొత్తవాళ్ళు రావడం తగ్గిన నాడు ఇదీ నడవదు. రెండో కొట్టుకి ఏ లెక్కలోనూ చోటు లేదు.

సాయంత్రం ఆయన రాగానే కాగితం చూపించాను.

"మనవాళ్ళు మొహమాటానికి కొన్నారంటావా?"

"కొందరు ఇష్టంగానే కొన్నారండీ. కానీ ఆదివారం నా మొహం చూస్తే డబ్బా గుర్తొస్తుంది వాళ్ళకి. అపార్ట్‌మెంట్లలో వాళ్ళకి ఎవరు గుర్తుచేస్తారు?"

"ఇది ముందే చూడాల్సింది నువ్వు."

అరవలేదు. అరిచినా బాగుండేది. బాల్కనీలోకి వెళ్ళి స్పేర్‌పార్టుల కొట్టు ఓనరుకి ఫోన్ చేశారు. ఇటువైపు మాటలే నాకు వినిపించాయి. "అవునండీ... లేదండీ, ఆ ఆలోచన మానుకున్నాం... గోడౌనా? అలాగే సార్... ఏడింటికా? వస్తానండీ." లోపలికొచ్చి, కౌంటర్ మీదకి వేరే మనిషిని తీసుకున్నారట, తనకి గోడౌన్‌లో పని ఇస్తారట అన్నారు. జీతం సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

వచ్చే నెల నుంచి రోజూ నాన్నే బడికి తీసుకెళ్తారని పిల్లలకి చెప్పి ఉన్నాం. పెద్దది ఆ మాట క్లాసులో అందరికీ చెప్పుకుంది.

తెల్లారి వాళ్ళు లేచేసరికి ఆయన వెళ్ళిపోయారు. జడ వేస్తూ, కొత్త కొట్టు పెట్టడం లేదని పాపకి చెప్పాను. నాన్న ఆటోనగర్‌కే వెళ్తారనీ, బడికి తీసుకెళ్ళేది నేనేననీ చెప్పాను. దాని తమ్ముడు సాక్సు వెతుక్కుంటూ, "మరి కొట్టు మూసేస్తామా?" అన్నాడు.

"ఇంకా తెలీదు నాన్నా," అన్నాను. "మూడో నెలవాళ్ళలో ఇంకెంతమంది వస్తారో చూడాలి. అప్పటిదాకా ఏదీ అనుకోవద్దు."